డ్యూయెట్‌లో మాటల్లేని ప్రేమ

కోనసీమలో తీసే డ్యూయెట్లలో హీరో హీరోయిన్లు ఏమీ అనకుండానే ప్రేమ మనకెలా తెలుస్తుంది?

ఎక్కువగా దూరం వల్ల. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్ గమనించండి. అక్కడ సాహిత్యం ఉండదు, డాన్స్ మాస్టర్ పనితనమంతా అక్కడే తెలుస్తుంది.

కాలవకి ఈ గట్టున ఆమె, ఆ గట్టున అతను అనుకోండి. తాళంలో ఎనిమిది లెక్కల పాటు ఇద్దరూ ఒకే వేగంతో, ఒకరినొకరు చూసుకోకుండా నడుస్తారు. తర్వాత ఆమె ఆగుతుంది, అతను రెండు లెక్కలు ఆలస్యంగా ఆగి తిరుగుతాడు. ఆమె ఎదురుచూపు ఆ రెండు లెక్కల్లోనే ఉంది. ఇద్దరూ ఒకేసారి ఆగితే డ్రిల్లులా ఉంటుంది, నాకైతే మనసుకి పట్టదు.

అంత దూరం షాట్‌లో ముఖం కనపడదు కాబట్టి చీర రంగే మనిషి. వరిచేలో ఆకుపచ్చ కడితే ఆమె చేలో కలిసిపోతుంది, ఎరుపైతే చూపు నేరుగా అక్కడికే వెళ్తుంది. దగ్గర షాట్లు మాత్రం పొద్దున్నే తీయాలి. మిట్టమధ్యాహ్నం ఎండకి కళ్ల కింద నీడ పడి, ఆ చూపే పోతుంది.