క్రిస్మస్ వారమా, రిపబ్లిక్ డే వారమా: నాలుగు సెలవులతో కేరళ

ప్రశ్న: విజయవాడలో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. శని, ఆదివారాలు సెలవు. మా ఆవిడ గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. పాపకు నాలుగేళ్లు. ఈ డిసెంబరు 25 శుక్రవారం, 2027 జనవరి 1 కూడా శుక్రవారమే, ఆ రోజు మా కంపెనీకి సెలవు. మధ్యలో నాలుగు సెలవులు పెడితే పది రోజులు కలిసొస్తాయి కదా అని కేరళ వెళ్దామనుకుంటున్నాం. నాకు నాలుగు సీఎల్‌లు మిగిలాయి, డిసెంబరు 31 దాటితే పోతాయి. బడ్జెట్ 70 వేలు. రిసార్టు వాళ్లు ఆ వారం రాత్రికి 7,800 చెబుతున్నారు, 31న డిన్నర్ తప్పనిసరి, మనిషికి 3 వేలట. జనవరి నెలాఖరుకైతే 4,500 అన్నారు. ఏం చేయమంటారు? — పటమట నుంచి ఒక పాఠకుడు

జవాబు: జనవరి నెలాఖరున వెళ్లండి. ఆ నాలుగు సీఎల్‌లు పోతాయేమోనన్న బెంగే మిమ్మల్ని డిసెంబరు వైపు లాగుతోంది. లెక్క వేసి చూస్తే ఆ బెంగ ఖరీదు చాలా ఎక్కువ.

ముందు క్యాలెండర్ చూద్దాం. 2027లో జనవరి 26 మంగళవారం వస్తుంది. మీరు 25 సోమవారం ఒక సెలవు, 27, 28, 29 తేదీల్లో మూడు సెలవులు పెడితే 23 శనివారం నుంచి 31 ఆదివారం దాకా తొమ్మిది రోజులు దొరుకుతాయి. అవీ నాలుగు సెలవులే. క్రిస్మస్ వారంతో పోలిస్తే తగ్గేది ఒక్క రోజు. పైగా సంక్రాంతి రద్దీ అప్పటికి పూర్తిగా సద్దుమణుగుతుంది. కేరళలో జనవరిలో వానలు చాలా తక్కువ కాబట్టి వాతావరణం విషయంలోనూ మీరు నష్టపోయేదేమీ లేదు.

ఇది మీ ఒక్కరి క్యాలెండర్. ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో సెలవుల లెక్క ఇద్దరిదీ కలిపి వేయాలి, చాలామంది తప్పేది ఇక్కడే. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలే సెలవు. డిసెంబరు 26 నాలుగో శనివారం, అక్కడివరకు బాగానే ఉంది. కానీ జనవరి 2 మొదటి శనివారం, మీ ఆవిడకు పనిదినం. జనవరి 1 మీకు సెలవైనా మన రాష్ట్రంలో బ్యాంకులు మామూలుగా తెరిచే ఉంటాయి. అంటే మీకు నాలుగు సెలవులతో వచ్చే పది రోజులకు ఆమె 28, 29, 30, 31, 1, 2 తేదీల్లో ఆరు సెలవులు పెట్టాలి. ఇంటికి మొత్తం పది.

జనవరి నెలాఖరున ఎలా ఉంటుందో చూడండి. 23 నాలుగో శనివారం, ఆమెకూ సెలవే. 30 ఐదో శనివారం, బ్యాంకు పనిచేస్తుంది. కాబట్టి ఆమె 25, 27, 28, 29, 30 తేదీల్లో ఐదు సెలవులు పెడితే చాలనిపిస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్ని రోజులు వరసగా కావాలంటే ఆమె పీఎల్, అంటే ప్రివిలేజ్ లీవు పెట్టుకోవాల్సి వస్తుంది. పీఎల్‌కు ముందూ వెనకా వచ్చే సెలవు దినాలను కలుపుకోవచ్చు, వాటిని లెక్కలోకి తీసుకోరు. మధ్యలో చిక్కుకున్న సెలవు దినాన్ని మాత్రం పీఎల్‌గానే లెక్కిస్తారు. 26 సరిగ్గా మధ్యలో పడుతోంది కాబట్టి ఆమెకు ఐదు కాదు, ఆరు ఖర్చవుతాయి. సోమవారానికి సీఎల్ పెట్టి మిగతావి పీఎల్‌గా తీసుకుందామంటే, ఆ రెండు రకాలనూ కలపడానికి మామూలుగా ఒప్పుకోరు. అయినా ఒకసారి బ్రాంచిలో అడిగి చూడమనండి.

ఈ శాండ్‌విచ్ పద్ధతి మీ కంపెనీలోనూ ఉండొచ్చు. ప్రైవేటు కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో రూలు పెట్టుకుంటాయి. కొన్నిచోట్ల శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో శని, ఆదివారాలనూ కొట్టేస్తారు. అందుకే టికెట్లు కొనకముందే హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: “జనవరి 25న, 27 నుంచి 29 వరకు సెలవు పెడుతున్నాను. 26 నా సెలవుల్లోంచి తీసేస్తారా?” నోటిమాటగా అడిగితే జీతం చేతికొచ్చాక వాదించడానికి ఆధారం ఉండదు. మీ సెలవుల పోర్టల్‌లో తేదీలు కొట్టగానే ఎన్ని రోజులు తగ్గుతాయో చూపిస్తే ఇంకా సులువు. 25 నుంచి 29 అని నొక్కి చూడండి, నాలుగు చూపిస్తే మీకా బాధ లేదు, ఐదు చూపిస్తే ఉన్నట్టే.

మీ కంపెనీలో ఆ బాధ లేదనుకుంటే జనవరిలో మీవి నాలుగు, ఆమెవి ఆరు, మొత్తం పది. క్రిస్మస్ వారానికీ పదే. సెలవుల ఖర్చు సమానమైనప్పుడు ఇక తేల్చాల్సింది డబ్బే.

విజయవాడ నుంచి రాత్రి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి ఎర్నాకుళం చేరతారు. డిసెంబరు 24 రాత్రి ఎక్కి జనవరి 1న తిరిగి బయల్దేరినా, జనవరి 22 రాత్రి ఎక్కి 30న తిరిగి బయల్దేరినా అక్కడ గడిపేది ఏడు రాత్రులే. క్రిస్మస్ వారంలో ఏడు రాత్రులకు గది అద్దె 54,600, మీ ఇద్దరి డిన్నర్ 6,000, మొత్తం 60,600 రూపాయలు. జనవరిలో 31,500. తేడా 29,100. క్రిస్మస్‌కు వెళ్తే మీ 70 వేలల్లో మిగిలేది 9,400. రైలు టికెట్లు, తిండి, అక్కడ తిరగడానికి కారు, వీటన్నిటికీ అది చాలదు. మిగతాది క్రెడిట్ కార్డు మీద పడుతుంది. జనవరిలోనైతే ఆ ఖర్చులకు 38,500 చేతిలో ఉంటాయి.

ఇక ఆ నాలుగు సీఎల్‌ల సంగతి. ఒక సెలవు విలువ రూపాయల్లో ఎంతో తెలిస్తే ఇలాంటి నిర్ణయాలు తేలికవుతాయి. మీ బేసిక్ ఎంతో రాయలేదు, 31,200 అనుకుందాం. చాలా కంపెనీలు ఈఎల్‌కు డబ్బు లెక్కగట్టేటప్పుడు నెల బేసిక్‌ను 26తో భాగిస్తాయి. అప్పుడు రోజుకు 1,200 వస్తుంది. డిసెంబరు సీఎల్‌లు నాలుగూ వృథా అయిపోయి, జనవరిలో నాలుగు ఈఎల్‌లు వాడారనుకున్నా మీకు పోయేది 4,800. ఆ 4,800 కాపాడుకోవడానికి 29,100 ఎక్కువ కట్టడం న్యాయంగా లేదు. 26కు బదులు 30తో భాగించే కంపెనీ అయితే ఆ పోయేది ఇంకా తగ్గుతుంది.

అయినా ఆ సీఎల్‌లు వృథా కానక్కర్లేదు. విజయదశమి ఈసారి అక్టోబరు 20 మంగళవారం. 19 సోమవారం ఒక్క సీఎల్ పెడితే మీకు 17 నుంచి 20 దాకా నాలుగు రోజులు. మీ ఆవిడకు 17 మూడో శనివారం, పనిదినం. ఆమె కూడా సోమవారం ఒక సీఎల్ పెడితే ఆదివారం నుంచి మూడు రోజులు దొరుకుతాయి. ఆ రోజుల్లో ఊరు దాటి వెళ్లకండి. ఇంద్రకీలాద్రికి జనమంతా మన ఊరొస్తుంటే ఎదురెళ్లి రెట్టింపు బస్సు చార్జీలు పెట్టడమెందుకు? పండగ ఇంట్లోనే చేసుకోండి. మరీ ఎటైనా వెళ్లాలనిపిస్తే పండగలయ్యాక ఒక మామూలు శుక్రవారం సీఎల్ పెట్టి బాపట్ల సూర్యలంక బీచ్‌కు వెళ్లి రండి, పనిరోజు కాబట్టి శని, ఆదివారాలంత జనం ఉండరు. మిగిలిన రెండూ పాపకు జ్వరమొస్తే పనికొస్తాయి, సీఎల్ అసలు ఉన్నది అందుకే.

మీ ఆవిడ పీఎల్‌ను మాత్రం మీ సీఎల్‌తో సమానంగా చూడొద్దు. బ్యాంకు ఉద్యోగుల పీఎల్ ఏటికేడు పోగవుతుంది. పరిమితికి లోబడి రిటైరయ్యేటప్పుడు, అప్పటి జీతం మీద లెక్కగట్టి ఇస్తారు. ఈ రోజు ఆమె వాడే ఒక పీఎల్ విలువ మీ ఈఎల్ కంటే ఎక్కువ కావొచ్చు. కాబట్టి ఆరు పీఎల్‌లు ఎక్కువనిపిస్తే ప్రయాణాన్ని కాస్త జరపండి. ఆమె సోమవారం డ్యూటీకి వెళ్లి, ఆ రాత్రే మీరు రైలెక్కితే 26 ఆమె సెలవుకు ముందు కలుస్తుంది, మధ్యలో చిక్కుకోదు. 27 నుంచి 30 వరకు నాలుగు పీఎల్‌లతో సరిపోతుంది. మీకూ మూడే ఖర్చు. కేరళలో నాలుగు రాత్రులుంటారు, గది అద్దె 18,000. ఒక్క సోమవారాన్ని ఆఫీసుకు వదిలేస్తే ఆమెకు రెండు పీఎల్‌లు, మీకు ఒక సెలవు, 13,500 రూపాయలు మిగులుతాయి. పాప నాలుగేళ్లది కాబట్టి ఏడు రాత్రుల కంటే నాలుగు రాత్రులే అందరికీ హాయిగా ఉంటాయని నాకనిపిస్తోంది, అయితే అది మీ ఇంటి నిర్ణయం.

టికెట్ల విషయంలో తేదీ జాగ్రత్త. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజును లెక్కించరు. ఆ 60 రోజులను మీరు ఎక్కే రోజు నుంచి కాకుండా రైలు మొదట బయల్దేరే రోజు నుంచి లెక్కేస్తారు. కేరళ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ నుంచి ముందురోజు బయల్దేరి మన స్టేషన్‌కు వస్తుంది. జనవరి 22 రాత్రి ఎక్కాలంటే బుకింగ్ నవంబరు 22 ఆదివారం ఉదయం 8 గంటలకే మొదలవుతుంది, 23న చూస్తే ఒక రోజు వెనకబడతారు. 25న ఎక్కేట్లయితే నవంబరు 25. తిరుగు రైలు తిరువనంతపురం నుంచి అదే రోజు బయల్దేరుతుంది కాబట్టి జనవరి 30 టికెట్ డిసెంబరు 1న తెరుచుకుంటుంది. పాపకు అయిదేళ్లు నిండలేదు కాబట్టి బెర్త్ అక్కర్లేదనుకుంటే టికెట్ అవసరం లేదు. రైలు టికెట్లు ఖాయమయ్యేదాకా రిసార్టుకు తిరిగిరాని అడ్వాన్సు కట్టకండి, రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగ్ అయితేనే తీసుకోండి.

చివరిగా, మీ ఆవిడ బ్యాంకులో ఎల్‌ఎఫ్‌సీ, అంటే సెలవు ప్రయాణ చార్జీల సదుపాయం, ఈసారి వాడుకోవడానికి మిగిలి ఉందేమో కనుక్కోండి. ఉంటే రైలు చార్జీలు బ్యాంకే ఇస్తుంది. కానీ బయల్దేరకముందే మంజూరు చేయించుకోవాలి, ఏ రకం సెలవు పెడితే చెల్లుతుందో, కుటుంబంలో మిమ్మల్ని కలుపుతారో లేదో కూడా అడగాలి. ఆ డబ్బుపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ దేశం లోపల ప్రయాణ చార్జీల వరకే. హోటలు బిల్లు, కారు అద్దె దానికిందకు రావు. ఆమె కొత్త విధానం ఎంచుకుని ఉంటే వచ్చిన మొత్తం జీతంలో కలిసి పన్ను పడుతుంది, ఆ మేరకు చేతికొచ్చేది తగ్గించి లెక్కేసుకోండి.