ఓటీటీ పైసలు వస్తాయని ఇంటి కాగితాలు కుదువ పెట్టకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ, స్టేషనరీ షాపు ఉంది. దోస్తులతో కలిసి 34 లక్షల్లో ఫుల్ లెంత్ సినిమా తీశాను, సెన్సార్ కూడా అయింది. 30 థియేటర్లలో వేస్తేనే ఓటీటీ వాళ్లు చూస్తారని ఒకాయన అన్నారు. దానికి 15 లక్షలు కావాలి. ఇంటి కాగితాలు పెడితే నూటికి రెండు రూపాయల మిత్తికి ఇస్తామంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 35 వేలు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి, మూడు నెలల్లో చిట్టీ ముగిస్తే 4 లక్షలు వస్తాయి. డబ్బింగ్ ఖర్చుల్లో పడి హెల్త్ పాలసీ కట్టలేదు, పోయిన వారమే గడువు దాటింది. థియేటరా, ఓటీటీనా, సొంతంగా వేసుకోవడమా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయండి. సినిమా తీసి నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది చేసిన తప్పే మీరూ చేయబోతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. రిలీజ్ పైసలు ఎప్పుడొస్తాయో ఎవరూ తారీఖు చెప్పలేరు. మిత్తి మాత్రం నెల తిరిగేసరికి గుమ్మంలో ఉంటుంది. 15 లక్షలకు నెలకు 30 వేలు, అంటే మీ ఇంటి పక్కన ఇంకో ఇల్లు నడిపినంత.

ఆ 30 థియేటర్ల లెక్క ఒకసారి చేద్దాం. టికెట్ 150 అనుకుంటే అందులో 18 శాతం జీఎస్టీ పోగా 127 మిగులుతుంది. థియేటర్‌తో సగం సగం పంచుకుంటే మీ వాటా 63, డిస్ట్రిబ్యూటర్ పదో వంతు కమిషన్ తీసుకుంటే చేతికి వచ్చేది 57 రూపాయలు. రిలీజ్ కోసం తెచ్చిన 15 లక్షలు వెనక్కి రావాలంటేనే 26 వేల టికెట్లు దాటాలి, సినిమాకు పెట్టిన 34 లక్షల మాట ఇంకా ఎత్తనే లేదు. 30 థియేటర్లు, రోజుకు నాలుగు ఆటలు, వారం మొత్తం ఆడితే ఆటకు 31 మంది చాలు, ఇదేం పెద్ద కష్టం అనిపిస్తుంది. కానీ తెలిసిన హీరో లేని సినిమాకు వారం ఎవరిస్తారు? శుక్రవారం జనం లేకపోతే శనివారానికే ఆటలు కోసేస్తారు. ఆదివారంతో ఆగిపోతే అదే లెక్క ఆటకు 73 మందికి పెరుగుతుంది, రోజుకు రెండు ఆటలే దొరికితే 146 మందికి. ఇలాగే సొంతంగా రిలీజ్ చేసుకున్న ఒక నిర్మాత జనగామ డీసీఆర్, అంటే ఏ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో థియేటర్ వాళ్లు రోజూ రాసిచ్చే లెక్క కాగితం, తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, సోమవారం మ్యాట్నీ ఎదురుగా 9 అని రాసి ఉంది. ఆయన వాటాలు పంచుకునే పద్ధతిలో కాకుండా వారం అద్దె మాట్లాడుకున్నాడు, కాబట్టి ఆ తొమ్మిది మందికీ ప్రొజెక్టర్ నడిచింది, అద్దె మాత్రం నిండుగా కట్టాడు. సినిమాను హాల్లో వేసే డిజిటల్ కంపెనీకి కట్టే చార్జీ, పోస్టర్లు, ఆన్‌లైన్ ప్రచారం దీనికి అదనం. థియేటర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు వాటానా, అద్దెనా అన్నది కాగితం మీద రాయించుకోండి. అద్దె అంటే నష్టం మొత్తం మీ నెత్తిన పడ్డట్టే.

ఇక "థియేటర్లో వేస్తే ఓటీటీ కొంటుంది" అన్న మాట. అందులో సగమే నిజం. చాలా ఓటీటీలు థియేటర్లో ఆడిన సినిమానే అడుగుతున్నాయి, కానీ ఆడితే కొంటామని ఏ ఓటీటీ మాట ఇవ్వదు. చిన్న సినిమాలకు ఎక్కువగా వచ్చే ఆఫర్ ముందుగా మొత్తం చేతికిచ్చేది కాదు, జనం ఎంతసేపు చూశారో లెక్కగట్టి వాటా ఇచ్చేది. మధ్యవర్తి కంపెనీ ద్వారా వెళ్తే వాళ్ల కోత కూడా ఉంటుంది. ఒకవేళ నికరంగా కొన్నా పైసలు విడతలుగా, అది కూడా మెటీరియల్ మొత్తం ఇచ్చి వాళ్ల టెక్నికల్ చెక్‌లో పాసయ్యాకే వస్తాయి. అందుకు మాస్టర్ ఫైల్, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, డైలాగులు లేకుండా సంగీతం, సౌండ్ ఎఫెక్ట్స్ మాత్రమే ఉండే ట్రాక్ కావాలి. ఆ ట్రాక్ మిక్సింగ్ రోజునే తీసి పెట్టించారా? లేకపోతే మళ్లీ స్టూడియోకు ఖర్చు పెట్టాలి. కథ రాసిన దోస్తు, పాటలు చేసిన దోస్తు, పాడిన అమ్మాయి, అందరి దగ్గరా హక్కుల పత్రం ఉండాలి. దోస్తీ మీద తీసిన సినిమాలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి, ఎవరో ఒకరు అలిగి సంతకం పెట్టరు. ఇవన్నీ సర్దుకుని మొదటి విడత రావడానికి ఆరు నెలలు పట్టిందనుకోండి, అప్పటికే మీరు 1,80,000 మిత్తి కట్టి ఉంటారు, అసలు రూపాయి కూడా తగ్గదు.

ఒప్పందం వస్తే గాబరాగా సంతకం పెట్టకండి. "అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతా" అని ఉంటే వద్దనండి. ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్ హక్కులు వేర్వేరుగా అమ్ముడుపోయే సరుకు. ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నది స్పష్టంగా రాయించండి. హక్కులు బదిలీ చేసే కాగితంలో ఆ రెండూ రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు, భారతదేశం అనే లెక్కిస్తారు, కాబట్టి ఖాళీ వదిలినంత మాత్రాన అన్నీ పోవు, "శాశ్వతం" అని రాస్తేనే పోతాయి.

సొంతంగా యూట్యూబ్‌లో పెట్టడం అన్నిటికంటే చవక, ప్రకటనల ఆదాయంలో 55 శాతం మీకిస్తారు. కానీ అది చివరి మెట్టు. ఒకసారి ఉచితంగా పెట్టాక ఏ ఓటీటీ పైసలిచ్చి తీసుకోదు.

మీకు ఇప్పుడు కావాల్సింది వేరే. చిట్టీ పైసలు రాగానే మొదట 2,10,000 పక్కన పెట్టండి, అది ఆరు నెలల ఇంటి ఖర్చు, సినిమాకు సంబంధం లేని అకౌంట్‌లో, ఏటీఎం కార్డు మీ భార్య దగ్గర ఉంచి. షాపు వారం మూతపడినా, అమ్మకు జ్వరం వచ్చినా మీరు మళ్లీ ఆ మిత్తి వ్యాపారి దగ్గరికి పోకుండా ఆపేది అదొక్కటే. ఈ నిధి లేకుండా రిలీజ్ మాట్లాడొద్దని నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తాను, విసుక్కున్నా చెప్తాను. మిగిలిన 1,90,000లోనే రిలీజ్ జరగాలి. మీ నటీనటుల సొంత ఊళ్లు చూసుకోండి, హన్మకొండ, కరీంనగర్, మహబూబాబాద్ లాంటి మూడు నాలుగు చోట్ల, వాటా పద్ధతిలో, శుక్రవారం నుంచి ఆదివారం వరకు, రోజుకు ఒకటి రెండు ఆటలు చాలు. అక్కడ టికెట్లు తెగితే ఇంకో ఊరు కలుపుకోవచ్చు, తెగకపోతే మీ ఇల్లు మీకే ఉంటుంది. చిట్టీ ముగిసేలోపు ఈ మూడు నెలలూ సంతకాలు, సబ్‌టైటిల్స్, ఆ ట్రాక్ పని చూసుకోండి, ట్రాక్ కోసం మళ్లీ స్టూడియోకు పోవాల్సి వస్తే తప్ప వాటికి పెద్దగా ఖర్చు లేదు.

పాలసీకి మాత్రం చిట్టీ దాకా ఆగొద్దు. ఏడాది ప్రీమియం పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆలోపు కడితే ఇన్నేళ్ల వెయిటింగ్ పీరియడ్ లెక్క పోదు, దాటితే పాత రోగాలకు మళ్లీ మొదటి నుంచి ఆగాలి. ఇప్పుడు ఆస్పత్రి ఖర్చు వస్తే కవర్ లేదు. బ్యాంకులో ఉన్న 40 వేల నుంచి రేపే కట్టండి.