మీ వాటా మారలేదు, మారిన నిబంధనల భారం మాత్రం మీ మీదే పడుతోంది

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అమ్మ పేరున 500 గజాల స్థలంలో పాత ఇల్లు ఉంది. సగం సగం లెక్కన ఒక బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నాం. స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు, పది ఫ్లాట్లు, అందులో ఐదు మావి. మొదట ఒక ముసాయిదా ఇచ్చారు, చదివి సరేనన్నాం. రిజిస్ట్రేషన్ దగ్గరపడ్డాక ఇంకో ముసాయిదా పంపి, "లాయరు భాష సరిచేశారంతే, మీ వాటా ముట్టుకోలేదు" అంటున్నారు. రెండూ పంపుతున్నాను. అసలేం మారింది? దేనివల్ల మాకు నష్టం? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వాటా విషయంలో బిల్డర్ చెప్పింది నిజమే. యాభై శాతం అలాగే ఉంది, మీకు వచ్చే ఐదు ఫ్లాట్ల నంబర్లూ అవే. అయితే పని ఆలస్యమైనా, బిల్డర్ అప్పు తీర్చలేకపోయినా, పన్ను కట్టాల్సి వచ్చినా ఆ భారం ఎవరిది అన్న చోట రెండో ముసాయిదా మొదటిదానికి దూరంగా జరిగింది, జరిగిన ప్రతిచోటా భారం మీ మీదికే జరిగింది. చట్టపరంగా ఏ వాక్యం నిలుస్తుందో మీ న్యాయవాది చెప్పాలి. నేను డబ్బు వైపు నుంచి చూసి చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. బిల్డర్ పంపిన ప్రతిలో ఎర్రగీతలతో చూపిన మార్పులు పదకొండు. నేను రెండు ఫైళ్లనూ వర్డ్‌లో తెరిచి Review కింద ఉండే Compare తో పక్కపక్కన పోల్చినప్పుడు అంతకంటే ఎక్కువే బయటపడ్డాయి. ఎర్రగీతలు పంపినవారు చూపదలచుకున్నవి మాత్రమే చూపుతాయి కనుక, పోలిక ఎప్పుడూ మీరే, మీ దగ్గరున్న పాత ఫైలుతోనే చేయాలి. అలా చేసినా ఒక ప్రమాదం మిగులుతుంది: అక్షరం కూడా మారని నిబంధనకు వేరొకచోట మారిన నిర్వచనం వల్ల అర్థం మారిపోవచ్చు. మీ ఒప్పందంలో సరిగ్గా అదే జరిగింది.

గడువు నిబంధన రెండు ముసాయిదాల్లోనూ ఒకటే: "ప్రారంభ తేదీ నుంచి 24 నెలలు, ఆపైన 6 నెలల వెసులుబాటు, అది కూడా దాటితే యజమానికి ఫ్లాటుకు నెలకు రూ.25,000 పరిహారం." మొదటి ముసాయిదాలో ప్రారంభ తేదీ అంటే మున్సిపల్ ప్లాన్ మంజూరైన రోజు. రెండోదాంట్లో, మొదటి పేజీల్లోని నిర్వచనాల్లో, అది "రెరా నమోదుతో సహా అన్ని అనుమతులూ వచ్చిన రోజు" అయింది. మీ భవనంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నాయి కనుక, రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ రెరా దగ్గర నమోదు తప్పదు. ఆ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం పూర్తిగా బిల్డర్ చేతిలోనే ఉంటుంది. దరఖాస్తు ఆలస్యం చేసినంత కాలం గడియారం మొదలే కాదు.

దీనికి తోడు అద్దె నిబంధన మారింది. మీరు ఇల్లు ఖాళీ చేసి వేరేచోట ఉన్నందుకు నెలకు రూ.30,000 "ఫ్లాట్లు అప్పగించేవరకు" ఇస్తామని మొదట రాశారు, ఇప్పుడది "ఖాళీ చేసిన నాటి నుంచి 36 నెలలవరకు" అయింది. ఈ రెండింటినీ కలిపి ఒక లెక్క వేద్దాం. మీరు 2026 ఏప్రిల్ 1న ఇల్లు ఖాళీ చేశారని, ప్లాన్ జూన్ చివర మంజూరై రెరా నమోదు అక్టోబర్ చివర వచ్చిందని, ఫ్లాట్లు 2029 డిసెంబర్ చివరకు చేతికందాయని అనుకుందాం. మొదటి ముసాయిదా ప్రకారం వెసులుబాటు 2028 డిసెంబర్‌తో ముగుస్తుంది, ఆ తర్వాతి పన్నెండు నెలలకూ ఐదు ఫ్లాట్ల మీద నెలకు రూ.1.25 లక్షల చొప్పున రూ.15 లక్షలు మీకు రావాలి. రెండోదాని ప్రకారం వెసులుబాటు 2029 ఏప్రిల్ దాకా సాగుతుంది, పరిహారం ఎనిమిది నెలలకే, అంటే రూ.10 లక్షలే. అద్దె 2029 మార్చితో ఆగిపోతుంది కాబట్టి మిగిలిన తొమ్మిది నెలలకు రూ.2.70 లక్షలు మీరే కట్టుకోవాలి. అదే భవనం, అదే ఆలస్యం, కానీ మీకు రూ.7.70 లక్షల తేడా.

ఈ లెక్కలో కూడా నేను బిల్డర్‌కు అనుకూలంగానే ఊహించాను. ఎందుకంటే ఆలస్యమైనా పరిహారం ఇవ్వనక్కర్లేదని బిల్డర్ చూపగలిగే, తన చేతిలో లేని కారణాల జాబితాలో మొదట యుద్ధం, వరద, భూకంపం, కోర్టు ఉత్తర్వు మాత్రమే ఉండేవి. ఇప్పుడు "కూలీల కొరత, సామగ్రి ధరల పెరుగుదల, మార్కెట్ పరిస్థితులు, శాఖల జాప్యం" చేరాయి. ఫ్లాట్లు అమ్ముడుపోకపోవడం కూడా మార్కెట్ పరిస్థితే కదా! ఆ నాలుగు మాటలు ఉన్నంతవరకు పరిహారం కాగితం మీదే ఉంటుంది. రెరా చట్టం కొనుగోలుదారుల విషయంలో యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ప్రకృతి వైపరీత్యాలనే అలాంటి కారణాలుగా గుర్తిస్తుంది. కొనేవారికి ఆ కొలతకు కట్టుబడాల్సిన బిల్డర్, స్థలం ఇచ్చిన మీకు అంతకంటే తక్కువ మాట ఇవ్వడానికి కారణం లేదు.

తనఖా మార్పు ఒక్క అక్షరంలో ఉంది. షెడ్యూల్ ఎ అంటే మొత్తం 500 గజాలు, బి మీ వాటా, సి బిల్డర్ వాటా. మొదటి ముసాయిదాలోని జీపీఏ, అంటే మీ తరఫున వ్యవహరించేందుకు మీరిచ్చే అధికార పత్రం, బిల్డర్‌కు "షెడ్యూల్ సి ఆస్తిని" తాకట్టు పెట్టి నిర్మాణానికి అప్పు తెచ్చుకునే అధికారం ఇచ్చింది. రెండోదాంట్లో అది "షెడ్యూల్ ఎ ఆస్తి" అయింది. అంటే మీరు ఒక్క రూపాయి అప్పు తీసుకోకపోయినా మీ స్థలమంతా ఆ అప్పుకు హామీగా నిలుస్తుంది. తాకట్టు పెట్టిన ఆస్తిని సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. నా దృష్టిలో రెండు ముసాయిదాల మధ్య ఇంతకంటే తీవ్రమైన మార్పు లేదు. మిగతావి డబ్బు పోయే మార్పులు, ఇది స్థలమే పోగలిగిన మార్పు. టైపింగ్ పొరపాటే కావచ్చు, అడిగిన వెంటనే సరిచేస్తే సరే. సరిచేయడానికి తటపటాయిస్తే మాత్రం, బిల్డర్ ఎక్కడ అప్పు తేదలచారో అడిగి తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి.

దీని పక్కనే ఒక వాక్యం మాయమైంది, దానికి ఎర్రగీత కూడా లేదు. అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ నిర్మిత విస్తీర్ణంలో పది శాతాన్ని తన పేరున తనఖా పెట్టించుకుంటుంది. భవనం ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే దాన్ని విడుదల చేస్తుంది. పది ఫ్లాట్లలో పది శాతమంటే ఒక ఫ్లాటు. అది బిల్డర్ వాటాలోంచే ఇవ్వాలని మొదటి ముసాయిదాలో ఉన్న వాక్యం ఇప్పుడు లేదు. బిల్డర్ ప్లాన్‌ను అతిక్రమించి కడితే ఆ ఫ్లాటు ఏళ్ల తరబడి ఇరుక్కుపోతుంది, అలా ఇరుక్కునేది మీ ఫ్లాటు కాకూడదు.

ఇక డబ్బు లెక్కన అన్నిటికంటే పెద్దది పన్నుల నిబంధన. "యజమాని వాటాకు సంబంధించిన జీఎస్టీ బిల్డరే భరించాలి" అన్న వాక్యం "పన్నులను చట్టప్రకారం ఆయా పక్షాలు భరించాలి" అని మారింది. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ స్థలానికి బదులుగా మీకు కట్టిచ్చే ఐదు ఫ్లాట్లు కూడా జీఎస్టీ దృష్టిలో బిల్డర్ మీకు చేసిన నిర్మాణ సేవే. ఆ పన్ను ప్రభుత్వానికి కట్టేది బిల్డరే అయినా, ఒప్పందంలో అడ్డు లేకపోతే దాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి చౌక ఇళ్లుగా లెక్కించే అఫర్డబుల్ కోవలోకి రాని ఇళ్లపై రేటు 5 శాతం, విలువకు కొలత బిల్డర్ అలాంటి ఫ్లాట్లను ఇతరులకు అమ్మే ధర. ఫ్లాటు రూ.80 లక్షలనుకుంటే ఐదింటికి రూ.4 కోట్లు, దానిపై పన్ను రూ.20 లక్షలు. ఒక్క వాక్యంతో అంత మొత్తం మీ వైపు వచ్చింది. అంత నగదు మీ దగ్గర లేకపోతే అప్పగింత రోజున ఒక ఫ్లాటు అమ్మకానికి పెట్టాల్సిన స్థితి వస్తుంది.

పరస్పర హామీల పేజీ కూడా ఏకపక్షమైంది. మొదట, స్థలం హక్కుల మీద వివాదం వస్తే మీరు, నిర్మాణం నాణ్యత మీదా ఆలస్యం మీదా కొనుగోలుదారులు దావా వేస్తే బిల్డర్, ఒకరికొకరు నష్టం భరించాలని ఉండేది. ఇప్పుడు బిల్డర్ మీకిచ్చే హామీ తొలగిపోయింది, మీరిచ్చేది "ప్రాజెక్టుకు సంబంధించిన ఏ క్లెయిమ్‌కైనా" అని విస్తరించింది. స్థలం హక్కుల బాధ్యత మీదే కావడం సబబు, ఎందుకంటే ఆ పత్రాలు మీ దగ్గరే ఉన్నాయి. కానీ సిమెంటు ఎంత కలిపారన్నది మీకు తెలిసే అవకాశం లేదు. రెరా చట్టం కొన్ని సందర్భాల్లో స్థలం యజమానినీ ప్రమోటర్‌గా లెక్కించి ఇద్దరినీ కలిపి బాధ్యుల్ని చేస్తుంది, నిర్మాణ లోపాలకు అప్పగింత తర్వాత ఐదేళ్లదాకా బాధ్యత ఉంటుంది. అందువల్ల బిల్డర్ మీకిచ్చే హామీ మర్యాదకు రాసే వాక్యం కాదు.

మీకు మేలు చేసే మార్పు ఒకటి ఉంది: బిల్డర్ మీకిచ్చే, మీరు తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ రూ.10 లక్షల నుంచి రూ.15 లక్షలకు పెరిగింది. అయితే అది మీ సొమ్ము కాదు, అప్పగింత నాటికి తిరిగి ఇవ్వాల్సిన వడ్డీలేని అప్పు మాత్రమే. ఖర్చుపెట్టకుండా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. ఆర్బిట్రేషన్ చోటు, నోటీసుల చిరునామా, టైల్స్ బ్రాండ్ల పేర్ల వంటి మార్పుల మీద సమయం పెట్టకండి.

బిల్డర్‌తో మాట్లాడేటప్పుడు షెడ్యూల్ సి, మున్సిపల్ తనఖా, జీఎస్టీ, కొనుగోలుదారుల దావాలపై హామీ, ఈ నాలుగూ పాత రూపంలోకి వస్తేనే సంతకమని చెప్పండి. గడువులో మాత్రం రాజీకి చోటుంది: ప్రారంభ తేదీ "ప్లాన్ మంజూరైన రోజు నుంచి 90 రోజులు లేదా రెరా నమోదు, రెండింట్లో ఏది ముందైతే అది" అని రాయించుకుంటే బిల్డర్‌కు ఊపిరాడుతుంది, మీకూ ఒక హద్దు ఉంటుంది. అద్దె అప్పగింతవరకు ఉండాలి, "మార్కెట్ పరిస్థితులు" సహా కొత్తగా చేరిన ఆ నాలుగు మాటలూ పోవాలి. అంగీకారం కుదిరాక, స్టాంపు కాగితాల మీద ముద్రించిన ప్రతిని రిజిస్ట్రేషన్‌కు కనీసం రెండు రోజుల ముందు తెప్పించుకుని, నిర్వచనాలు, షెడ్యూళ్లు, జీపీఏ భాగం మళ్లీ ఒకసారి ఒప్పుకున్న ఫైలుతో పోల్చి చూడండి. ఆఖరి మార్పులు చాలాసార్లు చేరేది ఆ ప్రతిలోనే.