ప్రొబేషన్ షరతుల గురించి హెచ్‌ఆర్‌కు రాయవలసిన సందేశం

“ఆఫర్ లెటర్‌లో ఆరు నెలల ప్రొబేషన్ అని మాత్రమే ఉంది. కన్ఫర్మేషన్ గురించి హెచ్‌ఆర్ మేడమ్‌ను ఎలా అడగాలి?”

గడువు ముగిసినంత మాత్రాన మీరు కన్ఫర్మ్ అయినట్టు కాదండి. లిఖితపూర్వకంగా లెటర్ ఇచ్చేవరకు ప్రొబేషన్ కొనసాగుతుందనే షరతు చాలా కంపెనీలలో ఉంటుంది కనుక, ముందుగా అడగవలసింది అదే. ఆఫర్‌ను అంగీకరించకముందే ఈమెయిల్‌లో ఇలా రాయండి:

“నమస్కారం మేడమ్. ఆఫర్‌కు ధన్యవాదాలు. ఆరు నెలలు పూర్తయ్యాక కన్ఫర్మేషన్ దానంతటదే వర్తిస్తుందా, లేక లెటర్ ఇస్తారా? ప్రొబేషన్ పొడిగిస్తే గరిష్ఠంగా ఎన్ని నెలలు? ప్రొబేషన్‌లోనూ, ఆ తరువాతా నోటీసు పీరియడ్ ఎంత? దయచేసి తెలియజేయగలరు.”

నోటీసు సంగతి తప్పక అడగండి. ప్రొబేషన్‌లో 15 రోజులున్నది తరువాత 90 రోజులైతే, మరో ఉద్యోగానికి మారడం చాలా కష్టమవుతుంది. ఆమె ఫోన్‌లో జవాబిస్తే, ఆ మాటలనే అదే మెయిల్ కింద రాసి పంపి, ధ్రువీకరించమని కోరండి.