పెద్దలకు రాసేటప్పుడు ‘గారు’, ‘మీరు’ చాలవా?

గురువుగారికో, పెద్ద పురోహితుడికో రాసేటప్పుడు ‘గారు’, ‘మీరు’ పెడితే సరిపోతుందా?

సరిపోదు, అడిగే తీరు కూడా మారాలి. స్నేహితుడికి ‘ఆదివారం రా, ముహూర్తం చెప్పు’ అని రాస్తాం. దాన్ని ‘రండి, చెప్పండి’ అని మారిస్తే మర్యాద వస్తుంది గానీ, పని పురమాయించినట్టే ఉంటుంది. పెద్దలకు రాసే వాక్యంలో నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలి:

‘గురువుగారికి నమస్కారాలు. గృహప్రవేశానికి ముహూర్తం కావాలి. మీకు వీలైన రోజు సెలవిస్తే వచ్చి కలుస్తాను.’

ఇక్కడ కదిలి వెళ్లేది రాసినవాడే, గమనించండి.

ఎక్కువమంది పొరబడేది ముగింపు దగ్గర. ‘శుభాశీస్సులతో’ అంటే గౌరవమనుకుని పెద్దలకూ అదే రాసేస్తారు. ఆశీస్సులు పెద్దలు చిన్నవాళ్లకు ఇచ్చేవి. పెద్దలకు ‘నమస్కారాలతో’ అని రాయాలి. స్నేహితుడికైతే ‘ఉంటాను’ చాలు.