లాయర్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది: ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, ఫీజు దేనికి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు 2003లో పోయారు. తాతగారి నుంచి వచ్చిన 4 ఎకరాలూ అన్నయ్యలిద్దరూ తమ పేర్లకు మార్పించుకున్నారు. "నాన్న ఉన్నప్పుడే పంచుకున్నాం, నీకు వాటా లేదు" అని మొన్న సంక్రాంతికి తేల్చి చెప్పారు. ఒక లాయరు గారిని అడిగితే ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. "శనివారం ఉదయం 11 గంటలకు 45 నిమిషాల కన్సల్టేషన్. ఫీజు రూ.2,000, జీఎస్‌టీ అదనం, ముందుగా చెల్లించాలి. సంబంధిత ఒరిజినల్ డాక్యుమెంట్లు తీసుకురాగలరు" అని ఉంది. నా దగ్గర ఒక్క ఒరిజినల్ కూడా లేదు. ఈ ఫీజుతోనే కేసు వేస్తారా? టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఒరిజినల్స్ లేవని శనివారం వెళ్లడం మానకండి. ఇలాంటి తగాదాల్లో కాగితాలు అన్నదమ్ముల బీరువాలోనే ఉంటాయి. ఆ సంగతి లాయర్లందరికీ తెలుసు. "ఒరిజినల్స్ అన్నయ్యల దగ్గర ఉన్నాయి, నకళ్లు తెస్తాను" అని ఈమెయిల్‌కు ఒక్క లైను జవాబివ్వండి, చాలు.

మీ కేసంతా అన్నయ్యలు చెప్పిన ఆ "పంచుకున్నాం" అనే మాట మీదే ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పూర్వీకుల ఆస్తిలో కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చారు. తండ్రి అంతకు ముందే చనిపోయినా ఈ హక్కు పోదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నాన్నగారు 2003లో పోయారన్నది మీకు అడ్డం కాదు. ముఖ్యంగా అడ్డం వచ్చేది: 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టర్ అయిన భాగ పరిష్కార దస్తావేజు గానీ, కోర్టు డిక్రీ గానీ ఉండటం. స్టాంపు కాగితం మీద రాసుకుని పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించినది ఆ లెక్కలోకి రాదు. నోటిమాటగా పంచుకున్నామంటే, ప్రభుత్వ రికార్డులతో గట్టిగా రుజువు చేస్తే తప్ప కోర్టు ఒప్పుకోదు.

ఆ దస్తావేజు ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. పొలం సర్వే నంబరుతో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. పంపకం రిజిస్టర్ అయి ఉంటే దస్తావేజు నంబరు, సంవత్సరం అందులో కనిపిస్తాయి. ఆ నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగండి. అన్నయ్యలు పొలాన్ని ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా అన్నదీ అదే ఈసీలో బయటపడుతుంది.

దానితో పాటు పొలం తాతగారిదేనని చూపే పాత అడంగల్, ఇప్పటి 1బీ, నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఉంటే చాలు. పొలం నాన్నగారి స్వార్జితమని తేలినా కంగారు పడకండి. వీలునామా రాయకపోతే అందులోనూ మీకు సమాన వాటా ఉంటుంది, కాకపోతే లెక్క మారుతుంది.

ఒక తెల్ల కాగితం మీద తేదీలు రాసి పట్టుకెళ్లండి. వాటా ఇచ్చేది లేదని వాళ్లు మొదటిసారి ఎప్పుడు అన్నారు, ఎవరి ముందు అన్నారు, దాని మీద వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉందా అన్నవి. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లలోపు దావా వెయ్యాలి. సంక్రాంతికే తెలిసిందని మీరంటారు, ఎప్పుడో తెలుసని వాళ్లంటారు. తగువు అక్కడే మొదలవుతుంది.

ఇక ఫీజు. ఆ 2,000 శనివారం కూర్చుని కాగితాలు చూసి సలహా ఇచ్చినందుకు మాత్రమే. నోటీసుకు, దావాకు ఫీజు వేరు. అది దశలవారీగా ఎంతో రాతపూర్వకంగా అడగండి. కోర్టు ఫీజు లాయరుకు వెళ్లేది కాదు, ప్రభుత్వానికి కట్టేది. మీరూ ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారంటే అది నామమాత్రం. మిమ్మల్ని పూర్తిగా బయటికి నెట్టారంటే మీ వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి, పెద్ద మొత్తమే అవుతుంది. కౌలు డబ్బులో గానీ ధాన్యంలో గానీ మీకు ఎప్పుడైనా భాగం పంపారా అని లాయరు గారు అడిగేది ఇందుకే. గుర్తు చేసుకుని వెళ్లండి, ఉన్నది ఉన్నట్టే చెప్పండి.

జీఎస్‌టీ మాట మర్యాదగా అడగండి. వ్యాపారం కాకుండా సొంత ఆస్తి వ్యవహారం మీద వచ్చిన వ్యక్తికి లాయరు చేసే సేవకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది. చాలాసార్లు పాత ఈమెయిల్ నమూనాలో ఆ లైను అలాగే ఉండిపోతుంది. వాటా వస్తే అందులో ఇంత శాతం ఇవ్వాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

చివరిగా ఒక మాట. మా ఆఫీసుకు ఒకావిడ కాగితాలన్నీ సంచిలో సర్దుకుని వచ్చారు, ఒక్కటి తప్ప. తల్లి పోయిన ఏడాది అన్న అడిగితే ఆవిడ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టారు. అది దావా వేశాక అవతలి లాయరు చేతిలో బయటపడింది. మీరు కూడా అన్నయ్యలు అడిగారని రిజిస్ట్రార్ ఆఫీసులో ఎప్పుడైనా వేలిముద్ర వేశారా, సంతకం పెట్టారా? ఉంటే శనివారం కూర్చోగానే మొదట ఆ సంగతే చెప్పండి. మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా లాయరు బయటపెట్టకూడదు.