ఓర్లాండోలో టైమ్‌షేర్‌కి సంతకం పెట్టేశారా? ముందు తేదీ చూసుకోండి

మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీకి వచ్చి ఏడాదైనా కాలేదు. మొన్న క్రిస్మస్ సెలవుల్లో కుటుంబంతో ఓర్లాండో వెళ్ళాడు. థీమ్ పార్క్ టికెట్లు చవగ్గా ఇస్తాం, గంటన్నర కూర్చుని మేం చెప్పేది వినండి చాలన్నారట. ఆ గంటన్నర ఐదు గంటలైంది. పిల్ల నిద్రకి ఏడుస్తోంది, ఒకరి తర్వాత ఒకరు మేనేజర్లు వచ్చి రేటు తగ్గిస్తున్నారు. చివరికి 22 వేల డాలర్ల టైమ్‌షేర్ ఒప్పందం మీద, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు కొనుక్కునే ఒప్పందం మీద, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టారు. క్రెడిట్ కార్డు మీద 2,200 డాలర్లు అక్కడే గీకించుకున్నారు.

మూడో రోజు ఫోన్ చేసి, "బాబాయ్, ఇరుక్కుపోయాం" అన్నాడు.

కాగితాల్లో సంతకాలకి పైన ఏముందో చదవమన్నాను. రిసార్టు ఫ్లోరిడాలోది కాబట్టి అక్కడి చట్టమే వర్తిస్తుంది. కంపెనీ దగ్గర నేరుగా కొంటే సంతకం పెట్టిన రోజు నుంచి, లేదా ఇవ్వాల్సిన పత్రాల్లో చివరిది చేతికందిన రోజు నుంచి, ఏది తర్వాతైతే అప్పటి నుంచి 10 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. శని, ఆదివారాలూ పండగలూ లెక్కలోకే వస్తాయి. ఈ హక్కు వదులుకుంటున్నామని మీచేత రాయించుకున్నా ఆ రాత చెల్లదు. వేరే రాష్ట్రాల్లో గడువు వేరు. నెవాడాలో ఐదే రోజులు, కాబట్టి లాస్ వెగాస్‌లో కొన్నవాళ్ళు ఇంకా తొందరపడాలి.

మావాడు 27న సంతకం పెట్టాడు, అంటే జనవరి 6 ఆఖరు. నేను మాత్రం 30నే పోస్టాఫీసుకి పంపించాను. ఉత్తరంలో పెద్ద కథ రాయలేదు. ఒప్పందం నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు, "ఈ ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి" అని ఒక్క వాక్యం, ఇద్దరి సంతకాలు. రద్దుకి రాయమని ఒప్పందంలో ఇచ్చిన అడ్రసుకే సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపాడు. ఫ్లోరిడాలో ఉత్తరం పోస్టు చేసిన తేదీయే లెక్క. అందుకే ముద్ర పడిన రసీదుకి ఫోటో తీసి పెట్టుకోమన్నాను.

ఈలోగా సేల్స్ మనిషి ఫోన్ చేసి, "సోమవారం మా మేనేజర్ మాట్లాడతారు, ఉత్తరం ఎందుకు" అన్నాడట. ఫోన్‌లో చెప్పింది రద్దు కిందకి రాదు, రాతపూర్వకంగా ఉండాలి. మాటల్లో పెట్టి రోజులు దాటించడం వాళ్ళకి అలవాటే.

నోటీసు అందాక 20 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. మావాడికి కార్డు మీదకే వచ్చేసింది. సంతకాలప్పుడు వాళ్ళే కొత్త క్రెడిట్ కార్డు ఇప్పించి ఉంటే, దాని మీద బాకీ సున్నా అయిందో లేదో విడిగా చూసుకోండి.

గడువు దాటిపోయినవాళ్ళు ముందు ఆ కంపెనీనే అడగండి. కొన్ని కంపెనీలు అప్పు తీరిపోయిన టైమ్‌షేర్‌ని వెనక్కి తీసుకుంటాయి. మీ నంబరు ఎలా దొరికిందో గానీ, "మేం బయటపడేస్తాం, ముందు ఐదు వేలు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్ళకి మాత్రం పైసా ఇవ్వకండి.